బెల్లు కొట్టే ముందు ఒక్క ప్రశ్న

కాగితం కప్పులో నీళ్లు పోసి కొవ్వొత్తి మంట మీద పట్టుకుంటే కప్పు కాలదు, లోపలి నీళ్లు వేడెక్కుతాయి. ఎనిమిదో తరగతి దహనం పాఠంలో పిల్లలు బెంచీలెక్కి మరీ చూసే ప్రయోగం ఇది. కిందటేడు చేసి చూపించినప్పుడు కారణం కూడా వాళ్ల నోటితోనే చెప్పించాను. మంట ఇచ్చే వేడిని నీళ్లు తీసుకుంటాయి కాబట్టి కాగితం తన జ్వలన ఉష్ణోగ్రతకు చేరదు అని ముక్తకంఠంతో చెప్పారు. రెండు వారాల తర్వాత అదే తరగతిలో అదే మాట అడిగాను. కప్పు ఏ రంగుదో గుర్తుంది, ఎవరి చేతికి మైనం అంటిందో గుర్తుంది. కారణం దగ్గరికొచ్చేసరికి తరగతంతా నిశ్శబ్దం. వెనక బెంచీ నుంచి ఒకడు మెల్లగా, “నీళ్లు పోశాం కదా టీచర్, అందుకని” అన్నాడు.

ఆ జవాబు నన్ను చాలా రోజులు వదల్లేదు. జరిగింది వాళ్లకు గుర్తుంది, ఎందుకు జరిగిందో గుర్తులేదు. సైన్సులో మిగలాల్సింది ఆ ‘ఎందుకు’. దాంతో ప్రతి పీరియడ్ చివరి అయిదు నిమిషాల్లో ఆ రోజు పాఠం నుంచి ఒక ప్రశ్న ఇచ్చి, పుస్తకం మూయించి, చిన్న కాగితం మీద జవాబు రాయించి, బయటికి వెళ్లేటప్పుడు తీసుకోవడం మొదలుపెట్టాను. టీచర్ల శిక్షణల్లో దీన్ని ఎగ్జిట్ టికెట్ అంటున్నారు. మా పిల్లలకు అది ‘చీటీ’. కొన్నాళ్లు చేశాక పిల్లలకు పాఠాలు కాస్త ఎక్కువ గుర్తుంటున్నట్టు అనిపించింది. కానీ మొదలుపెట్టింది నేను, బాగుందని అనుకుంటున్నదీ నేనే. నిజంగా పనిచేస్తోందా లేదా అన్నది నా ఇష్టంతో సంబంధం లేకుండా తేలాలి. అందుకే ఈ ఏడాది ఒక పద్ధతి ప్రకారం పరీక్షించదలచుకున్నాను. ఇది ఆ ప్రణాళిక.

ఇలాంటి పనిని బీఎడ్‌లో చర్యా పరిశోధన అని చదువుకున్నాం. టీచరు తన తరగతిలోని ఒక ఇబ్బందిని తీసుకుని, ఒక మార్పు చేసి, ఫలితాన్ని రాసుకుని, దాన్ని బట్టి తర్వాతి అడుగు వేయడమే ఇది. 1946లో కర్ట్ లెవిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ మాటను ప్రచారంలోకి తెచ్చాడు. 1953లో స్టీఫెన్ కోరే పుస్తకంతో బడిలోకి వచ్చింది. శిక్షణ కాలంలో మనలో చాలామందిమి దీన్ని ఒక రికార్డుగా రాసి, సంతకం పెట్టించుకుని బీరువాలో పెట్టేశాం. ఆ రికార్డులో ఉండే ‘ముందు పరీక్ష, తర్వాత పరీక్ష, సగటు పెరిగింది’ అనే లెక్కతో ఇప్పుడు నా పని నడవదు. ఎందుకో చెప్పాలి.

లోహాలు, అలోహాలు పాఠం చీటీలు లేకుండా చెప్పి పరీక్ష పెట్టాననుకోండి. తర్వాత దహనం పాఠం చీటీలతో చెప్పి మళ్లీ పెట్టాను. మార్కులు పెరిగాయి. అది చీటీల వల్లా, దహనం పాఠం తేలికవడం వల్లా, పిల్లలు నా ప్రశ్నల తీరుకు అలవాటు పడటం వల్లా అన్నది ఎవరూ చెప్పలేరు. పోనీ, ఎ సెక్షన్‌కు చీటీలిచ్చి బి సెక్షన్‌కు ఇవ్వకుండా ఉంటే? మా దగ్గర ఒక సెక్షన్‌కు సైన్సు పొద్దున రెండో పీరియడ్, ఇంకో దానికి మధ్యాహ్న భోజనం అయ్యాక మొదటి పీరియడ్. కళ్లు మూతలు పడే వేళ చెప్పిన పాఠాన్ని పొద్దుటి పాఠంతో ఎలా పోలుస్తాం? పైగా చీటీలు మంచివని నమ్ముతూ ఒక సెక్షన్‌కు నెల రోజులు వాటిని ఇవ్వకుండా ఉండటం నాకు నచ్చలేదు.

అందుకని పోలికను ఒకే తరగతిలోకి, ఇంకా చెప్పాలంటే ఒకే పిల్లవాడిలోకి తెచ్చాను. ప్రతి పీరియడ్‌లో తప్పనిసరిగా గుర్తుండాల్సిన రెండు ముఖ్యమైన విషయాలు ఎంచుకుంటాను. తరగతిలో సగం మంది చీటీలో మొదటి విషయం ప్రశ్నగా ఉంటుంది, రెండో విషయం రెండు వాక్యాల వివరణగా ఉంటుంది. మిగతా సగానికి ఇదే తిరగేసి. పిల్లలందరూ ఒక ప్రశ్నకు జవాబు రాస్తారు, ఒక వివరణను చదివి దాన్నే కింద ఒకసారి రాస్తారు. గడియారం చూసి రెండిటికీ చెరో రెండున్నర నిమిషాలు ఇస్తాను. ప్రశ్నకు ఎక్కువ సమయం ఇచ్చి, ఆ తర్వాత ప్రశ్నే గొప్పదంటే అది సమయం చేసిన పని కావచ్చు.

ఇలా చేస్తే ప్రతి పిల్లవాడికీ కొన్ని విషయాలు ప్రశ్నగా వచ్చి ఉంటాయి, అన్నే విషయాలు చదువుగా వచ్చి ఉంటాయి. తెలివైన పిల్లవాడిని వెనకబడిన పిల్లవాడితో పోల్చే పని లేదు, ఎవరికి వారే పోలిక. ఒక విషయం కష్టమైనదైతే ఆ కష్టం ప్రశ్న వచ్చిన సగానికీ చదువు వచ్చిన సగానికీ సమానం. ఒక రోజు రానివాడికి రెండూ పోతాయి కాబట్టి వాడి లెక్కలో ఆ రోజును రెండు వైపులా కొట్టేస్తే సరిపోతుంది. మా ఊళ్లో ఇది చిన్న సంగతి కాదు. దసరా తర్వాత పత్తి ఏరడం మొదలైతే రోజుకు నలుగురైదుగురు బడికి రారు.

ఈ ఆలోచన నాకు పుట్టింది కాదు. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక మిడిల్ స్కూల్లో హెన్రీ రోడిగర్, మార్క్ మెక్‌డానియల్, పూజా అగర్వాల్ బృందం ఇదే ఒరవడిలో పాఠంలోని కొన్ని విషయాల మీద క్విజ్ పెట్టి, కొన్నిటి మీద పెట్టకుండా, చివరి పరీక్షలో అదే పిల్లలు రెండిటిలో ఎలా రాశారో చూసింది. ఎనిమిదో తరగతి సైన్సు మీద చేసిన పని 2011లో అచ్చయింది. క్విజ్‌లో వచ్చిన విషయాల్లో పిల్లలు స్పష్టంగా మెరుగ్గా రాశారు. అయితే నన్ను ఆపి ఆలోచింపజేసిన సంగతి అదే పరిశోధనలో ఇంకొకటి ఉంది. పాఠం చెప్పకముందు, చెప్పిన వెంటనే, యూనిట్ పరీక్షకు ఒక రోజు ముందు అని మూడు వేళల్లో క్విజ్ పెట్టి చూస్తే, పరీక్షకు ముందు పెట్టిందే ఎక్కువ మేలు చేసింది. నా చీటీ పాఠం చెప్పిన వెంటనే పెట్టేది. అంటే బలహీనమైన వేళ.

బలహీనం ఎందుకో ఊహించడం కష్టం కాదు. ఇరవై నిమిషాల క్రితం విన్నది ఇంకా చెవుల్లోనే ఉంటుంది. దాన్ని బయటికి తీయడానికి బుర్రకు పెద్ద శ్రమ ఉండదు. జ్ఞాపకం గట్టిపడేది ఆ శ్రమ వల్లేనని ఈ రంగంలో పనిచేసేవారు చాలామంది అంటారు. రోడిగర్, జెఫ్రీ కార్పికీ 2006లో కాలేజీ విద్యార్థుల మీద చేసిన ప్రయోగంలో ప్రతి ఒక్కరూ ఒక వ్యాసాన్ని రెండుసార్లు చదివారు, ఇంకో వ్యాసాన్ని ఒకసారి చదివి, తర్వాత చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత అడిగితే రెండుసార్లు చదివిన వ్యాసమే ఎక్కువ గుర్తుంది, 81 శాతం. చూడకుండా రాసినది 75. వారం తర్వాత లెక్క తిరగబడింది. రెండుసార్లు చదివినది 42, చూడకుండా రాసినది 56. ఈ అంకెల్ని నేను నా డైరీ మొదటి పేజీలో రాసుకున్నాను. మర్నాడే పరీక్ష పెట్టి చీటీల వల్ల లాభం లేదని తేల్చేస్తే తప్పు చేసినట్టే. చదివి రాసుకోవడం మొదట్లో బాగానే కనిపిస్తుంది, తేడా బయటపడాలంటే మరుపుకు సమయం ఇవ్వాలి.

మరోవైపు, చెప్పిన వెంటనే అడగడం వృథా అనడానికీ లేదు. 1939లో హెర్బర్ట్ స్పిట్జర్ అయోవా రాష్ట్రంలోని 91 బడుల్లో ఆరో తరగతి పిల్లలు 3,605 మందితో ఒక పాఠం చదివించి, వేర్వేరు జట్లకు వేర్వేరు రోజుల్లో పరీక్ష పెట్టాడు. చదివిన వెంటనే పరీక్ష రాసిన పిల్లలు ఆ తర్వాత చాలా రోజులకు కూడా ఎక్కువ నిలుపుకున్నారు. మరిచిపోయాక అడిగితే బయటికి తీయడానికి ఏమీ మిగలదు, మరవకముందే అడగాలి అన్నది అక్కడ తేలిన సంగతి. ఈ రెండు పరిశోధనల మధ్య నా చీటీ ఎటు మొగ్గుతుందో మా తరగతిలోనే చూడాలి.

ఇక పని వివరాలు. ఎనిమిదో తరగతిలో 38 మంది. రెండు పాఠాలు, మొత్తం 16 పీరియడ్లు. పీరియడ్‌కు రెండు చొప్పున 32 విషయాలు. మొదటి ఎనిమిది పీరియడ్లు ముగిసిన రెండు వారాలకు ఒక పరీక్ష, తర్వాతి ఎనిమిది ముగిసిన రెండు వారాలకు ఇంకొకటి. ఒక్కో పరీక్షలో 16 ప్రశ్నలు, వాటిలో ఎనిమిది ఆ పిల్లవాడికి చీటీలో ప్రశ్నగా వచ్చినవి, ఎనిమిది చదువుగా వచ్చినవి. ముందుగా చెప్పి పెట్టే పరీక్ష కాదు. ముందే చెబితే ఇంటి దగ్గర పుస్తకం తీసి అన్నీ సమానంగా చదివేస్తారు, చీటీ చేసిన పని దాని కింద కప్పడిపోతుంది.

కాగితం మీద ఇంత తేలిగ్గా కనిపించేది తరగతి గదిలో ఎలా చెడుతుందో మనసులోనే నడిపి చూసుకున్నాను. మొదట ఖర్చు మిగులుతుందని ప్రశ్నల్ని బోర్డు మీద రాయాలనుకున్నాను. ఎడమవైపు ఒక సగానికి, కుడివైపు ఇంకో సగానికి. చాక్‌పీసు పట్టుకుని నిలబడితే గానీ తెలియలేదు, ఎడమవైపు వాళ్లకు ప్రశ్నగా వచ్చేదాని జవాబు కుడివైపు వివరణలో పెద్ద అక్షరాల్లో ఉంటుంది. కాబట్టి అచ్చు చీటీలే. తర్వాత సరి, బేసి రోల్ నంబర్లను బట్టి పంచుదామనుకున్నాను. అలా చేస్తే ఒకే బెంచీలో పక్కపక్కన రెండు రకాల చీటీలు ఉంటాయి, తల కాస్త తిప్పితే జవాబు దొరుకుతుంది. అందుకే పంపకం బెంచీల వారీగా. ఒక బెంచీకి తెల్ల చీటీ, దాని వెనక బెంచీకి పసుపు చీటీ, మర్నాడు రంగులు మారతాయి. రాయడం అయ్యాక మడిచి, గుమ్మం దగ్గరున్న అట్టపెట్టెలో వేసి వెళ్లాలి. అయినా బయట వరండాలో “నీకేం వచ్చింది?” అని అడుగుకుంటారు. దాన్ని నేను ఆపలేను. ఆ మాటల వల్ల రెండు వైపుల మధ్య తేడా తగ్గుతుందే తప్ప లేని తేడా పుట్టదు కాబట్టి భరించగలను.

అన్నిటికన్నా ఎక్కువ సమయం పట్టింది విషయాల జతలు కుదర్చడానికి. ఒక జత మొదట చాలా ముచ్చటగా కనిపించింది. సోడియంను కిరోసిన్‌లో ఎందుకు ఉంచుతారు, తెల్ల ఫాస్ఫరస్‌ను నీళ్లలో ఎందుకు ఉంచుతారు? కానీ ఒకదాని వివరణ చదివినవాడు ఇంకోదాని జవాబు సగం ఊహించేస్తాడు. గాలితో చర్య జరపకుండా ఉండటానికేనని రెండింట్లోనూ ఉంది. పైగా రెండు వారాలయ్యాక ఏది కిరోసిన్‌లో, ఏది నీళ్లలో అని రెండూ కలగాపులగం అవుతాయి. ఆ జత తీసేశాను. దాని బదులు ఒకే పీరియడ్‌లో వచ్చే, ఒకదానితో ఒకటి ముడిపడని విషయాలు వెతికాను. మంట ఆర్పడం గురించి చెప్పే రోజున ఇసుక పోస్తే మంటకు గాలి అందదు అనేది ఒక విషయం, కరెంటు తీగల దగ్గర అంటుకున్న మంట మీద నీళ్లు పోస్తే నీటి గుండా విద్యుత్తు ప్రవహించి మనిషికి షాక్ కొట్టవచ్చు అనేది ఇంకొకటి. ఒకటి తెలిసినంత మాత్రాన రెండోది తెలియదు.

రెండు వారాల తర్వాతి పరీక్షలో చీటీలో ఉన్న మాటలే ఉండవు. అదే వాక్యం పెడితే పిల్లలు వాక్యాన్ని గుర్తుపట్టి, దాని వెనకాల ఉన్న వాక్యాన్ని అప్పజెబుతారు. చీటీలో ‘ఇసుక పోస్తే మంట ఎందుకు ఆరుతుంది?’ అని ఉంటే పరీక్షలో ‘పొయ్యి మీద నూనె మూకుడు అంటుకుంటే అమ్మ మూత పెట్టింది. మంట ఎందుకు ఆరింది?’ అని ఉంటుంది. కాగితం కప్పు విషయానికి ‘ఎండు ఆకులు ఇట్టే అంటుకుంటాయి, పచ్చి ఆకులు అంటుకోవు, ఎందుకు?’ అని అడుగుతాను. అయితే ఇవి జ్ఞాపకాన్ని మాత్రమే అడగడం లేదు, ఉన్న జ్ఞాపకాన్ని కొత్త చోట వాడమంటున్నాయి. అందుకని పదహారులో నాలుగు మాత్రమే ఇలాంటివి. మిగతా పన్నెండు మాటలు మార్చి నేరుగా అడిగేవి. కొవ్వొత్తి మంటలో ఏ భాగం ఎక్కువ వేడిగా ఉంటుంది, గంధకం మండగా వచ్చే వాయువును నీటిలో కరిగిస్తే లిట్మస్ ఏ రంగుకు మారుతుంది, ఇలాంటివి. ఆ నాలుగింటి లెక్క విడిగా చూస్తాను. చీటీలు నేరు ప్రశ్నల్లో సాయపడి వీటిలో సాయపడకపోతే, చీటీ పిల్లలకు మాటను మిగిల్చింది గానీ కారణాన్ని మిగల్చలేదని అర్థం. నా అసలు బాధ కారణం గురించే.

పరీక్ష ప్రశ్నల్ని ఇప్పటికే తొమ్మిదో తరగతి పిల్లలు పన్నెండు మందికి ఇచ్చి చూశాను. వాళ్లు కిందటేడు ఈ పాఠాలు చదివారు. పన్నెండు మందీ సరిగా రాసిన ప్రశ్నలు, ఒక్కరూ రాయలేని ప్రశ్నలు మార్చేశాను. అందరికీ వచ్చే ప్రశ్నలో చీటీ సాయపడినా కనిపించదు, ఎవరికీ రాని ప్రశ్నలోనూ కనిపించదు.

ఇక జవాబు ఎప్పుడు చెప్పాలి? చీటీలో తప్పు రాసిన పిల్లవాడికి దిద్దుబాటు లేకపోతే ఆ తప్పే నిలిచిపోయే ప్రమాదం ఉంది. అలాగని చీటీల ప్రశ్నలకు మాత్రమే జవాబు చెబితే ఆ వైపుకు ఒక మాట ఎక్కువ విన్న లాభం కలుగుతుంది. అందుకని మర్నాడు పీరియడ్ మొదట్లో ఒక్క నిమిషం, రెండు విషయాలూ ఒక్కో వాక్యంలో అందరికీ చెబుతాను. దాంతో రెండు వైపుల మధ్య మిగిలే తేడా ఒక్కటే అవుతుంది. ఒకవైపు పిల్లవాడు జవాబు కోసం తన బుర్రలో వెతుక్కున్నాడు, ఇంకోవైపు ఎదుట ఉన్నదాన్ని చదివి ఎక్కించుకున్నాడు.

సాయంత్రం స్టాఫ్‌రూంలో చీటీల్ని సరైనవి, సగం సరైనవి, తప్పు లేదా ఖాళీ అని మూడు కుప్పలుగా వేస్తాను. పది నిమిషాల పని. ఇక్కడ ఒక ధర్మసంకటం ఉంది. సగానికి పైగా తప్పు కుప్పలో పడితే అది పిల్లల మరుపు కాదు, నేను సరిగా చెప్పలేదని. పరిశోధన చెడిపోతుందని వాళ్లను అలా వదిలేయలేను. మళ్లీ చెబుతాను, అయితే తరగతి మొత్తానికి చెబుతాను, డైరీలో తేదీ వేసి రాస్తాను. అలా మళ్లీ చెప్పిన విషయాల్లో చీటీకీ చదువుకూ మధ్య తేడా తగ్గుతుంది. ఫలితం చదివేటప్పుడు వాటిని పక్కన పెట్టి కూడా ఒకసారి లెక్క చూస్తాను.

చీటీలకు మార్కులు లేవు. మొదటి రోజు పిల్లలు అడిగే ప్రశ్న అదేనని నాకు తెలుసు: “టీచర్, మార్కులు కలుపుతారా?” కలపను, రిజిస్టరులో ఎక్కించను, తప్పు రాసినవాడి చీటీ తరగతిలో చదివి వినిపించను. ఫార్మేటివ్ పరీక్షలతో దీనికి సంబంధం ఉండదు. హెచ్‌ఎం గారికి ప్రణాళిక చూపించి ఒప్పుకోలు తీసుకున్నాను, తల్లిదండ్రుల సమావేశంలో చెబుతాను. మార్కులంటే పక్కవాడి చీటీలోకి చూసే కళ్లు ఎక్కువవుతాయి, నాకు కావలసింది వాళ్ల సొంత జ్ఞాపకం.

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది వేరే. ఎనిమిదో తరగతికి వచ్చినా ఆరేడుగురు పిల్లలు తెలుగు వాక్యాన్ని కూడబలుక్కుని చదువుతారు. వాళ్లకు చీటీలోని ప్రశ్న చదవడానికే రెండున్నర నిమిషాలు సరిపోతుంది. జవాబు తెలిసినా ఖాళీ కాగితం వస్తుంది. ప్రశ్నను ఒక్క వాక్యానికి కుదించాను, పాఠ్యపుస్తకంలో ఉన్న మాటలే వాడాను, బొమ్మ గీసి బాణం గుర్తు పెట్టినా జవాబుగా తీసుకుంటానని చెబుతాను. అయినా ఈ పిల్లల లెక్క మిగతావారి సగటులో కలిసిపోకుండా విడిగా చూడాలని ముందే రాసుకున్నాను.

దిద్దడం నేనే చేస్తాను కాబట్టి నా చెయ్యి కూడా పరీక్షలో ఉన్నట్టే. చీటీ ఎవరికి ఏ విషయంలో వచ్చిందో తెలిసి దిద్దితే అనుమానంగా ఉన్న జవాబుకు నాకు తెలియకుండానే ఒక మార్కు ఎక్కువ పడుతుంది. అందుకే పేరు, రోల్ నంబరు పేపరు వెనకవైపు రాయిస్తాను. ఒక పేపరు మొత్తం కాకుండా, మొదటి ప్రశ్న 38 పేపర్లలో దిద్దాక రెండో ప్రశ్నకు వెళతాను. కారణం పూర్తిగా ఉంటే 2, సగం ఉంటే 1, లేకపోతే 0. ‘మూత పెట్టాం కాబట్టి ఆరింది’ సున్నా. ‘గాలి తగల్లేదు’ ఒకటి. ‘మండటానికి కావలసిన ఆక్సిజన్ అందక ఆరింది’ రెండు. ఇలా ప్రతి ప్రశ్నకూ ముందే రాసి ఉంచాను. పది పేపర్లు మా బయాలజీ సార్ ఆ కాగితం చూసి విడిగా దిద్దుతారు. మా ఇద్దరి మార్కులు చాలాచోట్ల వేరైతే మార్కుల పద్ధతే సరిగా లేదని అర్థం. దాన్ని బాగుచేసి మళ్లీ దిద్దుతాను.

లెక్క ఎలా చూస్తానో ఊహించిన అంకెలతో చెబుతాను. ఒక అమ్మాయి మొదటి పరీక్షలో చీటీ ప్రశ్నలుగా వచ్చిన ఎనిమిదింటిలో 16కు 11, చదువుగా వచ్చిన ఎనిమిదింటిలో 16కు 8 తెచ్చుకుంది. తేడా ప్లస్ 3. రెండు రోజులు పత్తి చేనుకు వెళ్లిన అబ్బాయికి రెండు వైపులా ఆరేసి విషయాలే మిగిలాయి. 12కు 8, 12కు 6. తేడా ప్లస్ 2. ఎనిమిది పీరియడ్లలో కనీసం ఆరింటికి రాని పిల్లల్ని ఆ పరీక్ష లెక్కలోకి తీసుకోను. రెండు పరీక్షలూ అయ్యాక ప్రతి పిల్లవాడి పేరు ఎదురుగా ఒక తేడా అంకె ఉంటుంది. అప్పుడు సగటుకన్నా ముందు ప్లస్‌లు ఎన్ని, మైనస్‌లు ఎన్ని అని లెక్కపెడతాను.

24 మందికి ప్లస్, 9 మందికి మైనస్, అయిదుగురికి తేడా లేదు అనుకుందాం. చీటీ వల్ల ఏమీ జరగకపోతే ఒక్కో పిల్లవాడికి ప్లస్ రావడం, మైనస్ రావడం నాణెం ఎగరేసినట్టే. 33 నాణేలు ఎగరేస్తే ఏదో ఒకవైపు 24 గానీ అంతకు మించి గానీ పడటం వంద ప్రయత్నాల్లో ఒకటి రెండుసార్లే జరుగుతుంది. కాబట్టి అదృష్టం అని తోసేయలేం. అలా కాక 19 ప్లస్, 14 మైనస్ వచ్చాయనుకోండి. అంత తేడా గానీ అంతకన్నా ఎక్కువ గానీ నాణేలతో దాదాపు సగం సార్లు వస్తుంది. అప్పుడు చీటీలు పనిచేశాయని రాసే హక్కు నాకు లేదు. తరగతి సగటు కాస్త పెరిగినట్టు కనిపించినా సరే.

ప్లస్‌లు ఎక్కువ రావడం ఒక్కటే చాలదు. రోజుకు అయిదు నిమిషాలంటే 45 నిమిషాల పీరియడ్‌లో తొమ్మిదో వంతు. 16 పీరియడ్లకు 80 నిమిషాలు, ఇంచుమించు రెండు పీరియడ్లు. రెండు పరీక్షల్లో కలిపి 32 మార్కులకు సగటున కనీసం మూడు మార్కుల తేడా ఉంటేనే చీటీని నా రోజువారీ పనిలో ఉంచుతానని ఇప్పుడే డైరీలో రాసి, కింద తేదీ వేసి, హెచ్‌ఎం గారితో సంతకం చేయించాను. ఫలితం చూశాక గీత గీస్తే, ఎక్కడ గీస్తే నాకు అనుకూలమో అక్కడే గీస్తాను.

ఈ ప్రణాళిక చెప్పలేని సంగతులూ ఉన్నాయి. ఇది చీటీ ప్రశ్నను, చదివి రాసుకోవడంతో పోలుస్తుంది. అసలేమీ చేయకుండా బెల్లు కొట్టించుకుని వెళ్లిపోవడంతో కాదు. అందువల్ల తేడా రాకపోతే చివరి అయిదు నిమిషాలు దండగ అని కాదు, ప్రశ్నకూ చదువుకూ మా తరగతిలో తేడా కనిపించలేదని మాత్రమే. రెండు వారాల జ్ఞాపకం గురించే ఇది చెబుతుంది, పదో తరగతి పబ్లిక్ పరీక్ష దాకా నిలుస్తుందో లేదో చెప్పదు. పక్క మండలంలో అరవై మంది ఉన్న తరగతిలో ఏం జరుగుతుందో అంతకన్నా చెప్పదు. అక్కడి టీచరు ఇదే పద్ధతి తీసుకుని తన తరగతిలో చూసుకోవచ్చు.

తేడా మూడు మార్కులు దాటితే రెండో విడతలో చీటీని అలాగే ఉంచి, వారానికి ఒక రోజు ఆ రోజు పాఠానికి బదులు పది రోజుల కిందటి విషయం అడుగుతాను. ఇల్లినాయ్ ఫలితం చెప్పేది నిజమైతే మేలు ఇంకా పెరగాలి. తేడా లేకపోతే చీటీని పీరియడ్ చివర నుంచి మర్నాటి పీరియడ్ మొదటికి జరుపుతాను. ఒక రాత్రి గడిచాక అడిగితే బుర్రకు కాస్త పని పడుతుంది. చదవడానికి ఇబ్బంది పడే ఆరేడుగురికి మాత్రమే మైనస్ వస్తే, వాళ్లకు చీటీ మానేసి గుమ్మం దగ్గర ఒక్కొక్కరినీ నోటితో అడుగుతాను.

608 చీటీలు కావాలి. ఒక్కో కాగితాన్ని నాలుగు ముక్కలు చేస్తే 152 కాగితాలు. సగం తెల్లవి, సగం పసుపువి. నిన్న సాయంత్రం కూర్చుని మొదటి ఎనిమిది పీరియడ్లవి కత్తిరించి, రోజువారీగా రబ్బరు బ్యాండ్లు వేసి, అట్టపెట్టెలో సర్దాను. అన్నిటికన్నా పైన ఉన్న కట్టలో తెల్ల చీటీల మీద ఉన్న ప్రశ్న ఇది: కాగితం కప్పులో నీళ్లున్నప్పుడు మంట మీద పెట్టినా కప్పు ఎందుకు కాలదు?